రెండు చేన్లల్ల మీటర్ 24 చూపిస్తుంది: ఒకటి వడలుతుంది, ఒకటి పసుపెక్కుతుంది

చెల్క_రేగడి (పర్వతగిరి దిక్కు) · జనవరి 6, రాత్రి 9:10

అందరికీ నమస్తే. మాది వాలు భూమి. మీది దిక్కు ఎకరంనర ఎర్ర చెల్క, కింది దిక్కు రెండెకరాలు నల్లరేగడి. రెండిట్ల ఒకటే రకం మక్క, నవంబర్ మొదటి వారంల ఒక్క రోజు తేడాతోని వేసిన. ఇప్పుడు జల్లు వెళ్లింది, పీచు మొదలయింది. బోరు ఒకటే, పైపు మార్చి రెండిటికీ సాళ్లల్ల పారిస్తం.

ఈసారి మట్టి తడి చూసే మీటర్ ఒకటి కొన్న. మూడు ముళ్లు ఉంటయ్, గుచ్చితే తెర మీద శాతం వస్తది. అమ్మినాయన "25 కాడ ఉంచు, దిగితే నీళ్లు పెట్టు" అన్నడు. నెల రోజులసంది గట్లనే చేస్తున్న. రెండు చోట్ల జానెడు లోతు తవ్వి గుచ్చి చూస్తున్న.

ఇయ్యాల పొద్దుగాల రెండు చేన్లల్ల 24 వచ్చింది. ఒకటే అంకె. కానీ రేగడిల మక్క పది గంటలకే ఆకులు గొట్టం లెక్క చుట్టుకుంటుంది, మాపటికి కూడా సరిగ్గ విప్పుకుంటలేదు. చెల్కల మక్కేమో నిలబడే ఉన్నది గని కింది ఆకులు పసుపెక్కినయ్. చెల్కల రెండు రోజులకోసారి నీళ్లు పెడుతున్న, రేగడిల పదిహేను రోజులయింది పెట్టక, ఎందుకంటే మీటర్ 25 దిగక ఇప్పుడే 24కు వచ్చింది. మీటర్ చెడిపోయిందా? నేను ఎక్కడ తప్పు చేస్తున్న?

పర్కాల_పత్తి · జనవరి 6, రాత్రి 9:42

తమ్మీ, మీటర్లు గీటర్లు పక్కకు పెట్టు. రేగడికి పదిహేను రోజులు ఒక లెక్కనా? రేగడి తడిని పట్టుకున్నంత ఇంకే నేల పట్టుకోదు. నెర్రెలు వేలు దూరేంత అయ్యేదాకా ఆగు, అప్పుడు పెట్టు. మొక్కకు వడలే హద్దు దాకా నీళ్లు అందుతనే ఉంటయ్, ఆ హద్దుకు ముందు పెడితే దండుగ. పత్తిల మేం అట్లనే చేస్తం. చెల్కల మాత్రం నువ్వు చేసేది కరెక్టే, చెల్క చిల్లు కుండ, రెండు రోజులకోసారి పెట్టాల్సిందే.

నర్సంపేట_మిర్చి · జనవరి 6, రాత్రి 10:05

వడలుడు అంటున్నవు కదా, అది నీళ్ల సంగతి కాదు తమ్ముడు, ఎండు తెగులు. మా మిర్చిల కూడా పోయిన నెల ఇట్లనే మొక్కలు పచ్చగ ఉండంగనే తలలు వాల్చినయ్. నీళ్లు తక్కువయినయ్ అనుకొని ఒక తడి పెట్టిన. మర్నాటికి ఇంకో పది మొక్కలు వాలినయ్. పీకి చూస్తే వేరు కుళ్లి తోలు ఊడొస్తుంది. ముందు వేరు పీకి చూడు, కాండం చీల్చి లోపల గోధుమరంగు చార ఉందేమో చూడు.

మట్టి_మాట · జనవరి 7, ఉదయం 6:30

మిర్చి తోట వారూ, మీ చేనులో జరిగింది వేరే విషయం, కానీ మీరు చెప్పిన పరీక్ష మాత్రం అందరూ చేయాల్సిందే. వడలిన మొక్క పక్కన జానెడు లోతు తవ్వండి. మట్టి తడిగా ఉండి కూడా మొక్క వాలితే జబ్బో, వేరు కుళ్లో, నీరు నిలిచి వేరుకు గాలి అందకపోవడమో అయి ఉంటుంది. అప్పుడు నీళ్లు పెడితే నష్టమే. మట్టిలోనే తీసుకునేంత తడి లేకపోతే అది దాహం. చేను మొత్తం ఒకేసారి, ఎండెక్కాక ఆకు చుట్టుకుంటున్నదంటే దాహం వైపే చూడాలి. తెగులు అక్కడొకటి ఇక్కడొకటి మొదలవుతుంది.

ఇక అసలు ప్రశ్న. చెల్క రేగడి గారూ, మీ మీటర్ చెడిపోలేదు. 24 అనే అంకె రెండు నేలల్లో ఒకే మాట చెప్పదు, అంతే. చెల్కలో 24 అంటే మట్టి తాను పట్టుకోగలిగిన దానికన్నా ఎక్కువ నీళ్లు మోస్తోందని. రేగడిలో 24 అంటే గ్లాసు అడుగున గుక్కెడు మిగిలిందని.

ఒక్కో నేలకు రెండు గీతలు గీసుకోండి. మంచి తడి ఇచ్చాక రెండు మూడు రోజులు వదిలేస్తే, పెద్ద రంధ్రాల్లోని నీరు కిందికి జారిపోయి ఇక జారడం దాదాపు ఆగిపోతుంది. అప్పుడు మట్టిలో ఎంత ఉందో అది పై గీత. ఫీల్డ్ కెపాసిటీ అనేది దీన్నే. నేను నిండు గీత అంటాను. రెండోది, మట్టి రేణువులు నీటిని ఎంత గట్టిగా పట్టుకుంటాయంటే ఇక వేరు లాగలేదు, మొక్క రాత్రంతా చల్లగా ఉన్నా తెల్లారేసరికి తేరుకోదు. అది కింది గీత, విల్టింగ్ పాయింట్. వడలు గీత అందాం. మొక్క బతికేది ఈ రెండు గీతల మధ్య నీటితోనే.

మన వైపు చెల్కల్లో నిండు గీత సుమారు 18, వడలు గీత 8 దగ్గర ఉంటాయి. రేగడిలో నిండు గీత 40, వడలు గీత 22 దగ్గర. చేనును బట్టి అటూ ఇటూ అవుతాయి, మీ అంకెలు మీరే కొలుచుకోవాలి. కానీ ఈ ఉజ్జాయింపుతోనే చూడండి. మీ చెల్క 24 అంటే నిండు గీత దాటి ఆరు పైన ఉంది, ఆ ఆరూ వేరు కిందికి జారిపోయేదే. జారేటప్పుడు మీరు వేసిన యూరియాను కూడా తీసుకుపోతుంది. కింది ఆకులు పసుపెక్కడం అందుకే అయి ఉండొచ్చు. రేగడి 24 అంటే వడలు గీతకు రెండే అంకెల దూరం. మక్కకు రెండు గీతల మధ్యలో సగం దగ్గరే, అంటే రేగడిలో 31 దగ్గరే, తడి పెట్టాల్సింది.

డ్రిప్_అక్క (హసన్‌పర్తి) · జనవరి 7, ఉదయం 7:15

తమ్ముడూ, ముందు ఇయ్యాలనే రేగడికి మోటరు పెట్టు, లెక్కలు తర్వాత చేసుకోవచ్చు. పీచు దశల మక్క ఎండితే గింజ పట్టదు, కంకి కొసన పళ్లూడినట్టు ఉంటది. మాది మూడేండ్ల కింద అట్లనే అయింది. పీచు ఎండిపోయి పుప్పొడి రాలినా పట్టలేదు. ఆ తర్వాత వారం రోజులు ఎన్ని నీళ్లు పెట్టినా ఆ గింజ తిరిగి రాలేదు.

చెల్క_రేగడి · జనవరి 7, ఉదయం 7:50

పెట్టిన అక్కా, చెప్పంగనే ఆన్ చేసిన. కానీ సాళ్లల్ల నీళ్లు ముందుకు పోతలేవు. నెర్రెలల్ల గుడగుడమని దిగుతున్నయ్. అరగంటయినా నాలుగు సాళ్లు కూడా తడవలేదు. మట్టి మాట సార్, ఎంత సేపు పెట్టాలె?

మట్టి_మాట · జనవరి 7, ఉదయం 9:05

మోటరు ఎంత పోస్తుందో చెప్పండి. చేను దగ్గర పైపు చివర 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోనులో చూడండి.

చెల్క_రేగడి · జనవరి 7, ఉదయం 9:40

మూడు సార్లు చూసిన సార్. 49, 51, 50 సెకన్లు.

మట్టి_మాట · జనవరి 7, ఉదయం 10:20

సెకనుకు 4 లీటర్లు, గంటకు 14,400. ఇక లెక్క చూడండి.

మక్క వేర్లు ఈ దశలో రేగడిలో 60 సెంటీమీటర్ల దాకా పనిచేస్తున్నాయి అనుకుందాం. మట్టి 24 దగ్గర ఉంది, 40 దాకా నింపాలి. తేడా 16 శాతం. 60 సెంటీమీటర్ల మట్టిలో 16 శాతం అంటే 96 మిల్లీమీటర్ల నీటి మందం. ఒక మిల్లీమీటరు ఎకరం మీద పరిస్తే 4,047 లీటర్లు. అంటే ఎకరానికి దాదాపు 3 లక్షల 88 వేల లీటర్లు, మీ మోటరు ఏకధాటిగా 27 గంటలు. రెండెకరాలకు 54 గంటలు, సాళ్ల చివర పోయేది, నెర్రెల్లో దిగేది కలపకుండానే. రెండో ఎకరం తడవడం పూర్తయ్యేసరికి మూడో రోజు అవుతుంది, అందులోని మొక్క అంతవరకు ఆగదు.

అందుకని ఈ ఒక్కసారికి నింపాలని చూడొద్దు. సాలు విడిచి సాలు పారించండి. ఎకరానికి 45 మిల్లీమీటర్లు, పన్నెండున్నర గంటలు. ఇలా రెండెకరాలూ రేపు మధ్యాహ్నానికి ఒక గుక్క తాగుతాయి. నాలుగైదు రోజుల తర్వాత విడిచిన సాళ్లకు పెట్టండి. చెల్కకు ఈ రెండు రోజులు ఏమీ వద్దు, దాని దగ్గర మిగులే ఉంది.

కాల్వ_చివర (రాయపర్తి) · జనవరి 7, మధ్యాహ్నం 1:15

మీరంతా బోర్లోళ్లు, ఎప్పుడంటే అప్పుడు స్విచ్చేస్తరు. మాది ఎస్సారెస్పీ కాల్వ కింద చివరి తూము. వారం వస్తే వారం బంద్. మా తూముకు నీళ్లు వచ్చే రోజుకు మట్టి ఏ గీత మీద ఉంటదో మాకు చెప్పేటోడు లేడు. నిండు గీత మీద ఉన్నా పెట్టుకోవాలె, ఎందుకంటే మళ్లీ వస్తదో రాదో. ఈ లెక్క మాకు ఎట్ల పనికొస్తది?

మట్టి_మాట · జనవరి 7, మధ్యాహ్నం 2:00

మీ బాధ నిజమే. నీళ్లు వచ్చే రోజును మీరు మార్చలేరు. కానీ ఏ పంట ఏ నేలలో వేయాలో ఇదే లెక్క చెబుతుంది. మీ చేను మట్టి రెండు గీతల మధ్యలో సగం నీరు ఎన్ని రోజులు వస్తుందో కట్టి చూడండి. అది పద్నాలుగు రోజుల లోపే అయితే, ఒక్క తడి తప్పిన వెంటనే మక్కలాంటి పంట దెబ్బతింటుంది. ఇప్పటికే వేసి ఉంటే, నిండు గీత మీద ఉన్న మట్టికి పెట్టిన నీరు మీ చేనులో ఉండదన్నది మాత్రం మారదు. మీ నేల చెల్కా, రేగడా?

కాల్వ_చివర · జనవరి 7, మధ్యాహ్నం 2:20

దుబ్బ.

మట్టి_మాట · జనవరి 7, మధ్యాహ్నం 2:25

దుబ్బ అయితే వారబందీ మీద మక్క చాలా కష్టం. కుంట గానీ, పక్కవాళ్ల బోరు గానీ మధ్యలో ఒక తడికి దొరికే దారి ఉందేమో చూడండి. ఇంతకు మించి నా దగ్గర జవాబు లేదు.

పర్కాల_పత్తి · జనవరి 7, సాయంత్రం 6:30

సార్, ఒక్క మాట. వడలు గీత 22 అయినప్పుడు 24 కాడ కూడా నీళ్లు ఉన్నట్టే కదా. ఉన్నయ్ కాబట్టి మొక్క తీసుకుంటది. మరి 31 కాడనే పెట్టాలె అంటే ఎట్ల? నేను చిన్నప్పటిసంది విన్నది, గీత దాకా సమానంగనే అందుతయ్ అని.

మట్టి_మాట · జనవరి 7, రాత్రి 8:10

మీరు విన్న మాట ఊరికే పుట్టలేదు. వడలు గీతను మొదట గట్టిగా కొలిచింది అమెరికాలో బ్రిగ్స్, షాంట్జ్ అనే ఇద్దరు, 1912లో. రకరకాల మొక్కలు పెంచి, అవి తేరుకోకుండా వాడిపోయినప్పుడు మట్టిలో ఎంత తడి మిగిలిందో చూశారు. మొక్క మారితే పెద్దగా తేడా రాలేదు, మట్టి మారితే వచ్చింది. గీత ప్రధానంగా మట్టిదని తేలింది. తర్వాత కాలిఫోర్నియాలో వైమేయర్, హెండ్రిక్‌సన్ 1931లో నిండు గీత మాట తెచ్చారు, ఆ రెండు గీతల మధ్య నీరంతా మొక్కకు ఒకేలా అందుతుందని కూడా వాదించారు. మీరు విన్నది ఆ వాదమే. చాలా ఏళ్లు చర్చ నడిచింది, అది పూర్తిగా నిలబడలేదు.

కారణం చేనులోనే కనిపిస్తుంది. మట్టి నిండుగా ఉన్నప్పుడు వేరు చుట్టూ నీరు తేలిగ్గా కదిలి వస్తుంది. ఆరుతున్నకొద్దీ మిగిలిన నీరు సన్నటి రంధ్రాల్లోకి, రేణువుల మీద పలచటి పొరల్లోకి చేరుతుంది. దాన్ని లాగడానికి బలం కావాలి, అది కదిలే వేగమూ పడిపోతుంది. నిండు గీత దగ్గర ఆ పట్టు సుమారు మూడో వంతు బార్, వడలు గీత దగ్గర 15 బార్. మధ్యాహ్నం ఎండలో ఆకు అడిగే వేగానికి వేరు అందించలేకపోతే, ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది. మూసుకుంటే గాలి లోపలికి రాదు, ఆహారం తయారీ తగ్గుతుంది. మీకు ఆకు చుట్టుకోవడం కనిపించే రోజుకు దిగుబడి ఇప్పటికే కొంత పోయింది. అందుకే మక్కకు రెండు గీతల మధ్యలో సగం అయ్యేసరికి తడి ఇమ్మంటారు. పత్తి మక్కకన్నా కొంత ఎక్కువ ఓర్చుకుంటుంది, వేరు లోతుకు పోతుంది. మీ అనుభవం పత్తిలో కొంత నిజం, పీచు దశ మక్కలో కాదు.

పర్కాల_పత్తి · జనవరి 7, రాత్రి 8:35

పత్తి మాట ఒప్పుకుంట. కానీ నెర్రెల సంగతి వేరు. నెర్రె ఉంటేనే నీళ్లు లోతుకు పోతయ్, లేకుంటే రేగడి పైన నానుతది, కింద పొడిగనే ఉంటది. నెర్రెలు లేకుండ రేగడి తాగదు.

మట్టి_మాట · జనవరి 7, రాత్రి 9:00

చిన్న నెర్రెల విషయంలో మీతో వాదించను. రేగడిలో నీరు మామూలుగా ఇంకే వేగం చాలా తక్కువ, వెంట్రుకంత నెర్రె సాయమే చేస్తుంది. వేలు దూరేంత అయ్యాక అది వేర్ల మధ్య మట్టిని తడపకుండా దాటేసి కిందికి దిగుతుంది, పైగా సన్న వేర్లు తెగిపోతాయి. ఈ ఉదయం చెల్క రేగడి గారు విన్న గుడగుడ అదే. ఆ మధ్యలో గీత ఎక్కడ గీయాలన్నది చేను చేనుకూ మారుతుంది.

డ్రిప్_అక్క · జనవరి 7, రాత్రి 9:20

మీటర్ లేనోళ్లకు నేను చేసేది చెప్త. పైమట్టి చూడొద్దు, అది ఎప్పుడూ మోసమే. మొక్కకు జానెడు దూరంల, జానెడున్నర లోతు మట్టి తియ్యాలె. పిడికిల్ల పట్టి పిసకాలె. చెల్క మట్టి ఉండ కట్టి, ఒక చేతుల నుంచి ఇంకో చేతుల వేస్తే పగలకుండ ఉంటే ఇంకా ఉన్నట్టు. ఉండ కట్టి వేలుతో ఒత్తంగనే రాలిపోతే సగం అయిపోయినట్టు, మోటరు పెట్టాలె. ఉండనే కట్టకపోతే ఆలస్యమయింది. రేగడి ఇట్ల తేలదు, అది ఎండుతున్నా ఉండ కడతది. రేగడిని బొటనవేలుకు చూపుడువేలుకు మధ్య పెట్టి పట్టీ లెక్క ఒత్తాలె. పట్టీ రెండంగుళాలు సాగితే మంచిగున్నట్టు, అంగుళంకే తెగుతుంటే సగం దగ్గర. గడ్డలు గడ్డలుగ గట్టిగ వస్తే అయిపోయింది.

నర్సంపేట_మిర్చి · జనవరి 8, ఉదయం 6:50

ఇయ్యాల తవ్వి చూసిన. నా మిర్చి వేరు కాడ మట్టి ముద్ద ముద్దగ ఉన్నది. రెండు నెలలసంది ఆటో స్టార్టర్ పెట్టి వదిలేసిన. 2018 జనవరిల 24 గంటల కరెంటు వచ్చినకాడినుంచి స్టార్టర్ బంద్ చేసుడే మర్చిపోయిన. ఇప్పుడు ఆపిన. కుళ్లిన మొక్కలు రావు గని, పక్కవి నిలబడతయా?

మట్టి_మాట · జనవరి 8, ఉదయం 7:30

మట్టి నిండు గీత కిందికి దిగేదాకా నీళ్లు వద్దు. బోదెల మధ్య కాలువలు తీసి నిలిచిన నీటిని బయటికి పంపండి. కుళ్లుకు ఏ మందు పోయాలో మొక్క చూసిన వాళ్లే చెప్పాలి, ఇక్కడ నుంచి నేను చెప్పను.

చెల్క_రేగడి · జనవరి 27, రాత్రి 8:40

ఇరవై రోజుల తర్వాత వస్తున్న. రేగడిల మక్క తేరుకున్నది గని, చెరువు దిక్కు అంచున పది పన్నెండు సాళ్లల్ల కంకి సగమే పట్టింది. అవి చివరికి తడిసిన సాళ్లు. చెల్కల కొత్త ఆకు పచ్చగ వస్తుంది, దోసెడు దోసెడు యూరియా మళ్లీ వేసిన.

మట్టి మాట సార్ సొంత అంకెలు కొలుచుకోమన్నరు కదా, కొలిచిన. చేసింది చెప్త, ఎవరికన్నా పనికొస్తది.

రెండు చేన్లల్ల గజం పొడుగు, గజం వెడల్పు మడి కట్టి, రెండు సార్లు నిండుగ నీళ్లు పోసిన. ఇంకినంక పైన పాలిథిన్ పట్టా, దాని మీద గడ్డి కప్పిన, ఎండకు పైనుంచి ఆరకుండ. చెల్కను రెండు రోజులు, రేగడిని నాలుగు రోజులు ఆగిన. వెల్డింగ్ షాపుల ఇనుప పైపు ముక్క కోయించిన, లోపలి వ్యాసం 5 సెంటీమీటర్లు, ఎత్తు 5.1. అంటే సరిగ్గ 100 సీసీల మట్టి పడతది. జానెడు లోతుల దాన్ని కట్టె పెట్టి మెల్లగ కొట్టి దింపిన, చుట్టూ తవ్వి తీసి, రెండు దిక్కుల కత్తితోని సాపు చేసి, కవర్ల వేసి మూతి కట్టిన. మా అక్క కొడుకు వ్యవసాయ కాలేజీల చదువుతడు, వాళ్ల ల్యాబుల 105 డిగ్రీల ఓవెన్‌ల 24 గంటలు ఆరబెట్టించిండు.

చెల్క: తడిది 171 గ్రాములు, ఆరినంక 155. నీళ్లు 16 గ్రాములు. రేగడి: తడిది 163, ఆరినంక 125. నీళ్లు 38. పైపు 100 సీసీలే కాబట్టి గ్రాములే శాతం. నిండు గీత చెల్కకు 16, రేగడికి 38.

వడలు గీతకు అల్లుడే చెప్పిండు. రెండు రేకు డబ్బాలల్ల రెండు మట్లు పోసి పొద్దుతిరుగుడు గింజలు పెట్టిన. మూడు జతల ఆకులు వచ్చినంక నీళ్లు బంద్. డబ్బా మూతికి మైనం పూసి మట్టినుంచి ఆవిరి పోకుండ చేసిన. మొక్క వాలినంక రాత్రి చీకటి అర్రల తడిబట్ట కప్పి పెట్టిన. మొదటి రెండు రాత్రులు తెల్లారేసరికి లేచి నిలబడింది. మూడో పొద్దుగాల లేవలేదు. ఆ మట్టిని తూచి ఆరబెడితే చెల్కల నాలుగున్నర, రేగడిల 17 వచ్చినయ్. అంటే రేగడిల 38కి 17కి మధ్య 21 శాతం ఉన్నది, మీరు చెప్పినదానికన్నా ఎక్కువే కదా సార్?

మట్టి_మాట · జనవరి 28, ఉదయం 6:15

చాలా మంచి పని చేశారు. మైనం పూయడం గుర్తుపెట్టుకున్నారంటే మీ అల్లుడు శ్రద్ధగా చదువుతున్నాడు.

ఒక్కచోట సరిచేయాలి. పైపుతో తీసింది ఘనపరిమాణం లెక్క, డబ్బాలో తూచింది బరువు లెక్క. రెంటినీ ఒకదానిలోంచి ఒకటి తీయకూడదు. మీ పైపులో 100 సీసీల ఆరిన రేగడి 125 గ్రాములు, అంటే సీసీకి 1.25. డబ్బా 17ను 1.25తో పెంచితే 21. చెల్క సీసీకి 1.55, నాలుగున్నరను దానితో పెంచితే 7. కాబట్టి మీ గీతలు చెల్కకు 16, 7. రేగడికి 38, 21. ల్యాబుల్లో చదువుకున్నవాళ్లు కూడా ఈ పొరపాటు చేస్తారు.

చెల్కలో తవ్వినప్పుడు కింద ఏం తగిలింది?

చెల్క_రేగడి · జనవరి 28, ఉదయం 7:00

జానెడున్నర దాటంగనే మొరం. 35 సెంటీమీటర్ల కింద గడ్డపార ఖంగుమంటది. వేర్లు అక్కడికి పోయి పక్కలకు తిరిగినయ్.

మట్టి_మాట · జనవరి 28, ఉదయం 8:10

అదే నేను ఊహించింది. అప్పుడు మీ చెల్క లెక్క ఇలా మారుతుంది. మధ్య 9 శాతం, అందులో సగం నాలుగున్నర. 35 సెంటీమీటర్ల మట్టిలో అది 16 మిల్లీమీటర్లు మాత్రమే. ఇప్పుడు మక్క రోజుకు నాలుగున్నర మిల్లీమీటర్ల దాకా తాగుతుంది అనుకుంటే మూడున్నర రోజులు. ఎకరానికి నాలుగున్నర గంటల మోటరు, ఎకరంనరకు ఆరు గంటల ముప్పావు, సాళ్లలో నష్టానికి మరో గంటన్నరో రెండో కలపండి. మీరు ఇదివరకు రెండు రోజులకోసారి ఎంత సేపు పెట్టేవారు?

చెల్క_రేగడి · జనవరి 28, ఉదయం 8:30

ఆరు గంటలు.

మట్టి_మాట · జనవరి 28, ఉదయం 8:55

అంటే రెండు రోజుల్లో మొక్క తాగేది 9 మిల్లీమీటర్లు, మీరు పోసింది 14. ప్రతిసారీ 5 మిల్లీమీటర్లు మొరంలోకి. పర్కాల పత్తి గారు చెప్పినట్టు చెల్కకు తరచుగా పెట్టాలన్నది తప్పు కాదు, అంత తరచుగానో అంత ఎక్కువగానో అక్కర్లేదు. రేగడిలో మధ్య 17, సగం ఎనిమిదిన్నర, 60 సెంటీమీటర్లలో 51 మిల్లీమీటర్లు, పదకొండు రోజులు. 29, 30 మధ్య ఉన్నప్పుడు పెట్టాలి.

ఇవి జనవరి ఎండకు కట్టిన లెక్కలు. ఫిబ్రవరి చివరికి ఎండ ముదిరితే రోజులు తగ్గుతాయి, మిల్లీమీటర్లు మాత్రం అవే ఉంటాయి. గింజ గట్టిపడి నల్ల చుక్క వచ్చాక ఇక తడి అవసరం లేదు.

డ్రిప్_అక్క · జనవరి 28, ఉదయం 9:30

మరి మీటర్ ఏం చేయాలె తమ్ముడు? పడేస్తవా?

చెల్క_రేగడి · జనవరి 28, రాత్రి 9:15

పడేయను అక్కా. పైపు తీసిన రోజే పక్కన మీటర్ గుచ్చి చూసిన. చెల్కల నిజం 16, మీటర్ 17. దగ్గరనే. రేగడిల నిజం 38, మీటర్ 43. అయిదు ఎక్కువ చెబుతుంది. అంటే జనవరి 6న అది 24 అన్నప్పుడు అసలు 24 కూడా లేదేమో.

మట్టి_మాట · జనవరి 28, రాత్రి 9:50

అవును, ఇంకా తక్కువే ఉండి ఉండాలి, మొక్క సాయంత్రానికి కూడా విప్పుకోలేదంటే వడలు గీత మీదనే ఉంది. రేగడిలోని బంకమన్ను మీటర్లను ఎక్కువ చూపించేలా చేస్తుంది. దానికి తోడు రేగడి ఆరి ముడుచుకుంటే ముల్లుకు మట్టికి మధ్య సందు వస్తుంది, అప్పుడు ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఒకే చేనులో రెండు వైపులా తప్పుతుంది. అందుకే నిండు గీత దగ్గర అయిదు ఎక్కువ చెప్పింది కదా అని, 30 దగ్గర కూడా అయిదే ఎక్కువ చెబుతుందనుకోవద్దు. వచ్చే తడికి ముందు మళ్లీ పైపు దింపి తూచండి.

కాల్వ_చివర · జనవరి 28, రాత్రి 10:20

నా దుబ్బ మట్టి కూడా పైపుతోని తీసిన. పొయ్యి మీద పెనంల వేయించి తూచిన, ఓవెన్ లేదు. తడి పెట్టిన రెండో రోజు 11 వచ్చింది. సరే అనుకోవచ్చా?

మట్టి_మాట · జనవరి 28, రాత్రి 10:40

పెనం సెగకు మట్టిలోని ఆకు చెత్త కూడా మాడి బరువు పోతుంది, నీరు ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. సన్నసెగ మీద, కలుపుతూ, వరుసగా రెండు సార్లు తూచినా బరువు మారనంత వరకు చేశారా?

కాల్వ_చివర · జనవరి 28, రాత్రి 10:45

లేదు, పెద్దమంట మీద ఒక్కసారే. రేపు మళ్లీ చేస్త. కాల్వ గురువారం వస్తది, దానికి ముందే చేయాలె.

చెల్క_రేగడి · జనవరి 28, రాత్రి 11:05

అన్నా, కవర్లల్ల కట్టి పర్వతగిరి పంపు. ఎల్లుండి అల్లుడు వస్తున్నడు, నా రెండో విడత మట్టితోని నీది కూడా ఓవెన్‌ల పెట్టిస్త. కవర్ మూతి గట్టిగ కట్టి, మట్టి తీసిన లోతు, తడి పెట్టి ఎన్ని రోజులయిందో చీటీ మీద రాసి పెట్టు.